స్విచ్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి

సోమవారం ఉదయం 8:40కి క్లినిక్ రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, అపాయింట్‌మెంట్ల లిస్టు తెరుచుకోవట్లేదు. ఫోన్లలో వైఫై వస్తోంది, కంప్యూటర్లకే ఏమీ రావట్లేదు" అంది అక్కడి అమ్మాయి. జబ్బు ఎక్కడుందో ఆ రెండో మాటలోనే ఉంది. నేను పట్టించుకోలేదు. రౌటర్ ఆపి మళ్లీ వేయమన్నాను, తర్వాత ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకు ఫోన్ చేయమన్నాను. అలా గంటకు పైగా పోయింది.

మాది ఒక ట్రస్టు నడిపే చిన్న క్లినిక్. అక్కడి వైర్లూ నెట్‌వర్కూ నేను జీతం లేకుండా చూస్తుంటాను. అపాయింట్‌మెంట్ల వివరాలు ఇంటర్నెట్‌లో ఉండవు, వెనక గదిలోని ఒక కంప్యూటర్లో ఉంటాయి. రిసెప్షన్, రెండు డాక్టర్ల గదులు, మందుల కౌంటర్ దాని నుంచే చదువుకుంటాయి. ఈ ఐదింటి వైర్లూ వచ్చి కలిసే చిన్న పెట్టె పేరే స్విచ్. ఏ కంప్యూటర్ పంపింది ఏ కంప్యూటర్‌కు చేరాలో చూసి, ఆ వైరులోకే పంపడం దాని పని. వైఫై మాత్రం రౌటర్ నుంచి నేరుగా ఫోన్లకు వెళుతుంది, స్విచ్‌తో దానికి సంబంధం లేదు. అందుకే ఫోన్లు బాగానే పనిచేశాయి.

పదింటికి అక్కడికి చేరి రిసెప్షన్ కంప్యూటర్లో `ipconfig` అని కొట్టాను. అడ్రసు 169.254తో మొదలైంది. కంప్యూటర్ ఆన్ కాగానే నెట్‌వర్కులో తనకొక అడ్రసు ఇమ్మని అడుగుతుంది. మా దగ్గర ఇచ్చేది రౌటర్. ఎవరూ పలకకపోతే తనకు తానే 169.254తో ఒకటి పెట్టుకుంటుంది. డాక్టర్ల గదుల్లోనూ, కౌంటర్లోనూ చూస్తే అదే వరస. ఒక్క కంప్యూటర్‌కే ఇలా అయితే దాని వైరును అనుమానించాలి. అన్నిటికీ ఒకేసారి అయితే వైర్లన్నీ కలిసే చోటే చూడాలి.

స్విచ్ ఉన్న చెక్క బీరువా తెరిచాను. లైట్లు వెలుగుతున్నాయి. కాసేపు నిలబడి చూస్తే అసలు సంగతి తెలిసింది. బాగున్న స్విచ్‌లో ఏ లైటుకు ఆ లైటు, తన వైరులో రాకపోకలను బట్టి విడివిడిగా మినుకుతుంది. ఇక్కడ అన్నీ ఒక్కసారే వెలిగి, ఒక్కసారే ఆరిపోతున్నాయి. అంటే లేవబోయి పడిపోవడం, మళ్లీ లేవబోవడం. అడాప్టర్ మార్చి చూశాను, అదే తంతు.

రౌటర్ ఆ బీరువా పక్కనే గోడకు ఉంది, దాని వెనక నాలుగు పోర్టులున్నాయి. వెనక గది, రిసెప్షన్, డాక్టర్ల గదుల వైర్లను స్విచ్ నుంచి తీసి వాటికి పెట్టాను. 10:50కి లిస్టు తెరుచుకుంది. మందుల కౌంటర్ ఆ రోజంతా చేత్తోనే రాసుకుంది.

ఈలోపు జరిగింది మాత్రం నన్ను ఇంకా బాధపెడుతోంది. ముందురోజే ఫోన్ చేసి 9:15కి టైము తీసుకున్న ఒక పెద్దమ్మ, షుగర్ పరీక్షకని ఏమీ తినకుండా ఊరి నుంచి బస్సులో వచ్చింది. ఆమె పేరున్న లిస్టు ఎవరికీ కనబడలేదు. నేరుగా వచ్చినవాళ్లకు కాగితం మీద టోకెన్లు రాసిచ్చారు, ఆమె వాళ్ల వెనకపడింది. పదకొండు దాటాక గానీ లోపలికి పిలవలేదు.

ఇంటికి తెచ్చి స్విచ్ మూత విప్పితే రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. కరెంటును నిలకడగా అందించే ఈ చిన్న డబ్బాల్లో ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఆరిపోతుంది. స్థూలంగా ప్రతి 10 డిగ్రీల వేడికీ వాటి ఆయుష్షు సగమవుతుందని లెక్క. గాలాడని ఆ బీరువాలో, ఇన్వర్టర్ మీద అరలో దాన్ని పెట్టింది నేనే. నడుస్తున్నంతకాలం బలహీనపడ్డ కెపాసిటర్లతోనే నెట్టుకొచ్చింది. ఆదివారం రాత్రి కరెంటు పోయి, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అయిపోయి, స్విచ్ పూర్తిగా ఆగింది. మళ్లీ లేవడానికి ఒక్కసారిగా కావలసిన కరెంటును అవి అందించలేకపోయాయి. ఇలాంటి పాత పెట్టెలు ఎక్కువగా కరెంటు పోయి వచ్చినప్పుడే మొరాయిస్తాయి.

కొత్త స్విచ్‌ను బీరువా బయట గోడకు బిగించాను. ఇంకొకటి కొని, పనిచేస్తోందని చూసి, రిసెప్షన్ సొరుగులో పెట్టాను. ప్రతి వైరుకూ అది ఏ గదిదో చీటీ అంటించాను. కానీ వెనక గది కంప్యూటరే పాడైతే ఇవేవీ అక్కరకు రావు. అందుకే ఇప్పుడు రోజూ సాయంత్రం క్లినిక్ మూసేముందు మర్నాటి లిస్టును ప్రింటు తీసి రిసెప్షన్ బల్ల మీద పెడుతున్నారు. మీరు వెళ్లే క్లినిక్‌లో లిస్టు కంప్యూటర్లోనే ఉంటే, ఈ ఒక్క కాగితం గురించి వాళ్లకు చెప్పండి.