డెబ్బై ఐదు శాతం ఇరుకు: మెడ డాప్లర్ కథ

ఒంటిమిట్టలో ఎవరికైనా మూతి ఒక పక్కకు లాగి, మాట తడబడి, కాసేపటికి సర్దుకుందంటే ఇంట్లోవాళ్లు ముందు కడపకు, కాస్త వీలుంటే తిరుపతికి తీసుకెళ్తారు. డాక్టరు రాసే పరీక్షల్లో మెడ డాప్లర్ ఒకటి. అరవై దాటిన రైతు ఒకాయన ఆ పరీక్షకు వెళ్లాడనుకుందాం. బీపీ ఉంది, షుగర్ ఉంది, బీడీ మానలేదు. కుడిచెయ్యి పది నిమిషాలు పట్టు తప్పి మళ్లీ మామూలైంది. రిపోర్టులో ఎడమ వైపు మెదడుకు వెళ్లే ధమని ICA మొదట్లో ప్లాక్ ఉందనీ, 75 శాతం ఇరుకనీ, PSV 160 అనీ రాశారు. రక్తనాళం ముప్పాతిక వంతు మూసుకుపోయిందని ఇంట్లోవాళ్లకు గుండె జారుతుంది. అయితే ఆ 75 దేనిలో 75 అన్నది తేలనిదే ఆ అంకెకు అర్థం లేదు. అది తేల్చుకోవాలంటే యంత్రం ఏం కొలుస్తుందో తెలియాలి.

పక్షవాతానికి మూలం మెడలో కూడా ఉండొచ్చని గట్టిగా చూపినవాడు కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్. దవడ కింద ప్రధాన ధమని రెండుగా చీలే చోట కొవ్వు పేరుకుని గోడ లావవుతుందనీ, ఆ పూడిక మెదడుకు ముప్పు తెస్తుందనీ 1951లో రాశాడు. 1954లో లండన్ సర్జన్లు అలాంటి చోటును కోసి తీసి, ధమనిని మళ్లీ అతికించిన ఆపరేషన్‌ను ప్రకటించారు. చిక్కల్లా ఇరుకును చూడటంలోనే ఉండేది. ధమనిలోకి సూది గుచ్చి, రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీయాలి. ఆ పరీక్షే కొందరికి పక్షవాతం తెచ్చేది.

దారి చూపింది శబ్దం. కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం మారుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లోనే చెప్పాడు. ఆయన మాట్లాడింది నక్షత్రాల గురించి. 1950ల చివర్లో జపాన్‌లోని ఒసాకాలో షిగెయో సాతోమురా ఆ సూత్రాన్ని అల్ట్రాసౌండ్‌తో గుండె కదలికకూ రక్తప్రవాహానికీ వాడాడు. 1974 నాటికి అమెరికాలోని సియాటిల్‌లో సర్జన్ యూజీన్ స్ట్రాండ్‌నెస్, ఇంజనీరు డొనాల్డ్ బేకర్‌ల బృందం ధమని బొమ్మనూ లోపలి వేగాన్నీ ఒకే యంత్రంలో కలిపింది. దాని పేరు డ్యూప్లెక్స్. ఈనాడు కడపలో మెడకు జెల్ రాసి ఆనించే ప్రోబ్ దాని సంతతే.

ప్రోబ్ పంపిన శబ్దం ఎర్ర రక్తకణాలకు తగిలి తిరిగొస్తుంది. పంపిన దానికీ వచ్చిన దానికీ ఉన్న తేడానుంచి వేగం లెక్క కడతారు:

Δf = 2·f·v·cosθ / c

ఇక్కడ c ఒంట్లో శబ్దవేగం, సెకనుకు 1540 మీటర్లు. ప్రోబ్ 5 మెగాహెర్ట్జ్‌ది, రక్తం వేగం సెకనుకు ఒక మీటరు, శబ్దం దారికీ రక్తం దారికీ మధ్య కోణం 60 డిగ్రీలు అయితే తేడా సుమారు 3,250 హెర్ట్జ్ వస్తుంది. మన చెవికి వినిపించే శబ్దమే అది. పరీక్ష గదిలో గుండె కొట్టుకున్నప్పుడల్లా యంత్రం చేసే చప్పుడు అదే.

పైపు కొసను వేలితో నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి. ధమని ఇరుకైన చోట రక్తమూ అంతే. అందుకని డాప్లర్ ఇరుకును వేగం ద్వారా పసిగడుతుంది. గుండె పిండినప్పుడు రక్తం అందుకునే గరిష్ఠ వేగమే రిపోర్టులోని PSV, సెకనుకు సెంటీమీటర్లలో. అమెరికా రేడియాలజిస్టులు కూర్చుని కుదుర్చుకున్న హద్దులు 2003లో అచ్చయ్యాయి. పూడిక ఉన్నా వేగం 125 లోపుంటే ఇరుకు 50 శాతం కంటే తక్కువ. 125 నుంచి 230 దాకా 50–69 శాతం. 230 దాటితే 70, ఆపైన. దీనికి తోడు ఒక నిష్పత్తి చూస్తారు: ఇరుకు చోటి వేగాన్ని కింది పెద్ద ధమని CCA వేగంతో భాగిస్తారు. అది 2 నుంచి 4 మధ్య ఉంటే 50–69, 4 దాటితే 70 పైన.

మన రైతుకు PSV 160, CCAలో 64. నిష్పత్తి 2.5. రెండూ 50–69 అనే చెబుతున్నాయి. మరి 75 ఎక్కణ్ణుంచి వచ్చింది? ధమనిని అడ్డంగా చూపే బొమ్మలో వైశాల్యం కొలిచారు. 5 మిల్లీమీటర్ల దారి 2.5కు తగ్గితే వ్యాసంలో ఇరుకు 50 శాతం. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అదే ఇరుకు వైశాల్యంలో 75 శాతమవుతుంది. పైగా ధమని మొదలు ఉబ్బుగా ఉంటుంది. అక్కడి గోడతో పోలిస్తే శాతం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఆపరేషన్ గురించి తేల్చిన పెద్ద పరిశోధన నాసెట్, ఇరుకు దాటాక పైనున్న మామూలు ధమని వ్యాసంతో పోల్చింది. డాక్టర్లు చెప్పే 50, 70 ఆ కొలతవే. వ్యాసమా వైశాల్యమా అని రాయని శాతం సగం రిపోర్టు కిందే లెక్క.

వేగమూ తప్పు పోవచ్చు. అసలు కోణం 60 అయితే, కర్సర్‌ను ధమని వెంట సరిగ్గా పెట్టక 70 చూపించారనుకోండి. యంత్రం 160ని 234గా లెక్క కడుతుంది. మనిషి ఒక్కసారిగా 70 శాతం గుంపులో పడతాడు. దాన్ని నిష్పత్తి పట్టిస్తుంది: 234ని 64తో భాగిస్తే 3.7, నాలుగు దాటలేదు. రెండూ పొసగకపోతే కోణం 60 మించకుండా మళ్లీ కొలవాలి. ఇంకో ప్రమాదం దీనికి ఎదురు. దారి దాదాపు మూసుకుపోతే రక్తం సన్నగా మాత్రమే పాకుతుంది. అప్పుడు వేగం తగ్గిపోయి ఇరుకు కొంచమే అన్నట్టు కనిపిస్తుంది. రంగు బొమ్మలో సన్నటి తీగలా దారి కనిపిస్తుంటే వేగాన్ని నమ్మకూడదు, సీటీ యాంజియో తీయించాలి.

ఇక ముప్పు సంగతి. శాతం కంటే ముందు అడగాల్సింది, ఆ ఇరుకు అప్పటికే లక్షణం చూపిందా అని. 1991లో వచ్చిన నాసెట్ ఫలితాల్లో లక్షణాలు చూపిన 70–99 శాతం ఇరుకువాళ్లలో, మందులతోనే ఉన్న వందమందిలో 26 మందికి రెండేళ్లలో అదే వైపు స్ట్రోక్ వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్లలో 9 మందికి. తర్వాత వచ్చిన ఫలితాల్లో 50–69 గుంపులో లాభం చిన్నది: ఐదేళ్లలో 22 బదులు 16. మన రైతు ఈ గుంపువాడు. ఎడమ ఇరుకు, కుడిచెయ్యి లక్షణం, రెండూ కలిశాయి. ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ అదుపు వెంటనే మొదలవ్వాలి, బీడీ మానాలి. ఆపరేషన్ చేయాలనుకుంటే రెండు వారాల లోపే చేయడం మేలు. ఏ లక్షణమూ లేని మనిషికి ఇదే 75 కనిపించి ఉంటే కథ వేరు. నేటి మందులతో అలాంటివాళ్లకు ఏటా వందలో సుమారు ఒకరికే ఆ వైపు స్ట్రోక్ వస్తుంది. అందువల్ల వాళ్లలో ఎక్కువమంది మందులతోనే గడపొచ్చు.

ఈ యంత్రం చూపు దవడ దగ్గర ఆగిపోతుంది, పుర్రె లోపలి ధమనులు దానికి అందవు. మనవాళ్లకు ఇది చిన్న లోటు కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం నమోదు చేసిన స్ట్రోక్ రోగుల్లో మెడలో కంటే పుర్రె లోపలి ధమనుల్లోనే ఇరుకు ఎక్కువగా కనిపించింది. కాబట్టి మెడ డాప్లర్ బాగుందన్నంత మాత్రాన చెయ్యి పట్టు తప్పిన మనిషి నిశ్చింతగా ఉండటానికి లేదు.

రిపోర్టు చేతికి రాగానే వ్యాసమా వైశాల్యమా, PSV ఎంత, నిష్పత్తి ఎంత అని అడిగి రాయించుకోండి. చెయ్యి, మూతి, మాట పడిపోయినప్పుడు మాత్రం డాప్లర్ కోసం చూడకండి, తగ్గిపోతుందని ఇంట్లోనూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి సీటీ ఉన్న ఆసుపత్రికి పోండి. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.