టైటిల్‌కు చోటిచ్చే చీకటి

1982లో ‘ది థింగ్’ సినిమాకు పోస్టర్ వేయమని చిత్రకారుడు డ్రూ స్ట్రూజన్‌కు కబురు వచ్చింది. చేతిలో ఉన్నది ఒక్క రాత్రి. సినిమా స్టిల్స్ లేవు, నటుల ఫొటోలు లేవు. ఆయన చలికోటు వేసుకుని, టోపీ తలమీదికి లాక్కుని తానే నిలబడ్డాడు. భార్య ఫొటో తీసింది. దాన్ని ఎదురుగా పెట్టుకుని తెల్లవారేసరికి బొమ్మ పూర్తి చేశాడు. మంచులో నిలబడ్డ మనిషి, టోపీ లోపల ముఖం ఉండాల్సిన చోట కళ్లు చెదిరే వెలుగు. ఆ పోస్టర్‌ను సినిమా అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఆయన వాడుకున్నది అందమైన ఫొటో కాదు, పోస్టర్ కోసమే తీసిన ఫొటో. మనిషి ఎలా నిలబడాలి, వెలుగు ఎక్కణ్నుంచి రావాలి అన్నది ముందే తేల్చుకుని తీసింది. దీన్నే రిఫరెన్స్ ఫొటో అంటారు. షార్ట్ ఫిల్ములు, పరిషత్తు నాటకాలు, వెబ్ సిరీస్‌లు తీసుకునే కుర్రాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. స్నేహితుడి ఫొటో ఒకటి పెట్టుకుని పోస్టర్ చేద్దామనుకునేవాళ్లూ ఎక్కువే. వాళ్లకు పనికొచ్చేలా ఒక పోస్టర్‌ను మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

షార్ట్ ఫిల్ము పేరు ‘అర్ధరాత్రి డ్యూటీ’ అనుకుందాం. మన స్నేహితుడిది రైల్వే గేట్‌మ్యాన్ వేషం. ఫోన్లో ఉన్న ఫొటో ఒకటి పంపించి, “ఒరేయ్, ఖాకీ చొక్కాలో బాగా వచ్చాను, దీంతోనే చేసెయ్” అంటాడు. అది మధ్యాహ్నం వరండా నీడలో తీసిన ఫొటో. ముఖం స్పష్టంగా ఉంది, నవ్వు బాగుంది. పోస్టర్‌కు మాత్రం పనికిరాదు. నీడలో నిలబడ్డప్పుడు వెలుగు ఆకాశం నుంచి, నేల నుంచి, సున్నం గోడ నుంచి అన్నివైపులా పడుతుంది. ముఖంలో ఎక్కడా గట్టి నీడ ఉండదు. కంప్యూటర్లో ఎంత నలుపు కలిపినా ముఖం మసిబారుతుందే తప్ప రాత్రి రాదు. వెలుగు ఎక్కువ తక్కువలను తర్వాతైనా సవరించుకోవచ్చు. అది వచ్చే దిక్కును మార్చాలంటే ముఖమంతా కొత్తగా గీసుకోవాల్సిందే. అందుకే మళ్లీ ఫొటో తీయాలి.

తీసే ముందు కాగితం మీద అగ్గిపెట్టెంత పెట్టెలు నాలుగైదు గీసుకోవాలి. పోస్టర్ కొలత సాధారణంగా వెడల్పు రెండు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు. 24 అంగుళాలకు 36, 12కు 18 అలా. పెట్టెలో మొదట ముఖం కాదు, టైటిల్ చోటు గుర్తించాలి. ‘అర్ధరాత్రి డ్యూటీ’ రెండు వరుసల పేరు. కింది మూడో వంతు దానికి వదిలేద్దాం. కళ్లు పైనుంచి మూడో వంతు దగ్గర వస్తాయి. రైలు కుడివైపు నుంచి వస్తోంది, దాని దీపం అతని ముఖం మీద పడుతోంది. ఛాతీ దగ్గర మొదలై చొక్కా మెల్లగా చీకట్లో కలిసిపోతుంది. ఆ చీకట్లోనే అక్షరాలు కూర్చుంటాయి. పెన్సిల్‌తో నలుపు, బూడిద, తెలుపు మూడే రంగులు నింపి చూస్తే ఏ పెట్టె బాగుందో అక్కడే తెలిసిపోతుంది.

ఇక దీపం. స్టూడియో లైట్లు అక్కర్లేదు, పసుపు వెలుగిచ్చే ఎల్‌ఈడీ బల్బున్న టేబుల్ ల్యాంప్ ఒకటి చాలు. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయాలి. ల్యాంపును ఫొటోలో కుడివైపు వచ్చేలా, ముఖానికి ఏటవాలుగా, కళ్లకంటే కొంచెం ఎత్తులో పెట్టాలి. ఇప్పుడు ముఖాన్ని దగ్గరగా చూడండి. దీపం వైపు చెంప వెలిగింది. ముక్కు నీడ అవతలి చెంప మీదికి వాలింది. ఆ నీడకూ చెంప నీడకూ మధ్య, అవతలి కన్ను కింద చిన్న త్రికోణంలా వెలుగు మిగులుతుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మల్లో తరచూ కనిపిస్తుంది కాబట్టి దీన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. ల్యాంపును ఇంకా పక్కకు జరిపితే ఆ త్రికోణం మాయమై సగం ముఖం పూర్తిగా నల్లబడుతుంది. విలన్ పాత్రకు అది సరిపోతుంది. మన గేట్‌మ్యాన్ భయపడుతున్నాడు, ఆ భయం రెండు కళ్లలోనూ కనబడాలి. కాబట్టి త్రికోణం ఉండాలి, రెండు కనుపాపల్లోనూ దీపం చుక్క మెరవాలి.

ల్యాంపు ఎంత దూరంలో ఉండాలన్నది అంతకంటే ముఖ్యం. పోస్టర్‌లో ఖాళీ చోటు చీకటిగా వస్తుందా లేదా అన్నది తేలేది ఇక్కడే. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. స్నేహితుడు గోడకు నాలుగడుగుల ముందు నిలబడ్డాడు, ల్యాంపు అతని ముఖానికి రెండడుగుల దూరంలో ఉంది అనుకుందాం. ల్యాంపు నుంచి గోడకు సుమారు ఆరడుగులు. అంటే ముఖం మీద పడే వెలుగులో తొమ్మిదో వంతే గోడకు చేరుతుంది, ఫొటోలో గోడ నల్లగా వస్తుంది. అదే ల్యాంపును ముఖానికి ఆరడుగుల దూరంలో పెడితే గోడకు పదడుగులవుతుంది. ముఖం మీది వెలుగులో మూడో వంతుకు పైగా గోడమీదా పడుతుంది. అప్పుడు గోడకున్న మేకు, క్యాలెండరు, సున్నం మరకలు అన్నీ బయటపడతాయి. వాటిమీద అక్షరాలు రాస్తే చదవడం కష్టం. కాబట్టి దీపం ముఖానికి దగ్గరగా, మనిషి గోడకు దూరంగా ఉండాలి.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. గోడలు తెల్లవి. దీపం వెలుగు ఎదుటి గోడకు తగిలి తిరిగొచ్చి, నల్లగా ఉండాల్సిన చెంపను మళ్లీ వెలిగిస్తుంది. ఆ పక్కన ఫ్రేములో పడకుండా ముదురు రంగు దుప్పటి ఒకటి వేలాడదీస్తే నీడ గట్టిపడుతుంది.

ఫోన్ కెమెరాకు చీకటంటే గిట్టదు. ఫ్రేములో నలుపు ఎక్కువుంటే వెలుగు చాలలేదనుకుని మొత్తం తెల్లబరుస్తుంది. తెర మీద ముఖం దగ్గర నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగాలి. నుదుటి మీద చర్మం గీతలు కనిపించేదాకా తగ్గించాలి, తెల్లగా మాడిపోయిన చోట తర్వాత ఏమీ రాబట్టలేం. నైట్ మోడ్ ఆపేయాలి. పోర్ట్రెయిట్ మోడ్ జుట్టు అంచుల్ని తినేస్తుంది, అదీ వద్దు. మరీ దగ్గరికెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఐదారడుగుల దూరంలో నిలబడి, రెండింతల జూమ్‌తో తీస్తే ముఖం ఉన్నదున్నట్టు వస్తుంది. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుంచించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమనాలి.

ఫోన్ ఫొటో సాధారణంగా మూడుకు నాలుగు కొలతలో ఉంటుంది. 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు అనుకుందాం. పోస్టర్‌కు అదే వెడల్పుకు 4500 ఎత్తు కావాలి. తక్కువైన 500 కిందివైపు చేర్చాలి. గోడా చొక్కా ముందే చీకట్లో కలిసిపోయాయి కాబట్టి ఇది తేలిక. కింది అంచు రంగునే తీసుకుని పెద్ద మెత్తటి బ్రష్‌తో కిందికి దించితే అతుకు కనబడదు. మనిషిని కత్తిరించేటప్పుడు చెరిపేయకుండా లేయర్ మాస్క్ వాడితే, పోయిన జుట్టును మళ్లీ తెచ్చుకోవచ్చు. చీకటి నుంచి వెలుగుకు మెల్లగా మారే చోట్ల తెరమీద చారలు చారలుగా కనిపిస్తే కొంచెం గ్రెయిన్ కలపాలి, చారలు విరిగిపోతాయి.

వెనక రైలు పెట్టాలి కదా. ఎక్కువమంది పోస్టర్లు చెడిపోయేది ఈ దగ్గరే. ఎప్పుడో పగలు తీసిన రైలు ఫొటో తెచ్చి నీలం రంగు పూసి అతికిస్తారు. రైలు నీడ ఎడమనుంచి కుడికి, మనిషి నీడ కుడినుంచి ఎడమకు పడుతుంది. చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో అతుకు వేశారని మాత్రం తెలుస్తుంది. నిజానికి ఇక్కడ రైలంతా చూపించనక్కర్లేదు. కుడి అంచున ఒక వెలుగు ముద్ద, దాని కింద మెరిసే పట్టాల గీత రెండు ఉంటే చాలు. ముఖం మీది పసుపు వెలుగు ఎక్కడిదో చూసేవాడికి అర్థమైపోతుంది. వెలిగిన చోట పసుపు నారింజ, నీడల్లో కొద్దిగా నీలం. అంతకుమించి రంగులు పెడితే కన్ను ముఖాన్ని వదిలి తిరుగుతుంది.

ఇప్పుడు టైటిల్ చోటుకు పరీక్ష. ఇంగ్లీషు పెద్దక్షరాలు పైనా కిందా రెండు గీతల మధ్య ఒద్దికగా నిలబడతాయి. తెలుగు అలా కాదు. ‘అర్ధరాత్రి’లో ధ ఒత్తు, క్రావడి కిందికి దిగుతాయి, గుడి పైకి లేస్తుంది. రెండో వరుసలో ‘డ్యూటీ’ గుడిదీర్ఘం మొదటి వరుస ఒత్తుల్ని తాకబోతుంది. ఇంగ్లీషు పోస్టర్ చూసి అంతే చోటు వదిలితే మన అక్షరాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. వరుసల మధ్య అక్షరం ఎత్తులో సగమైనా అదనంగా ఉంచాలి. చేత్తో టైటిళ్లు రాసిన బాపు, ఈశ్వర్ వంటివాళ్లు ఒత్తునూ కొమ్మునూ బొమ్మలో భాగం చేసుకునేవారు. ఫాంటుతో చేసేవాళ్లు రామభద్ర లాంటి లావుపాటి అక్షరాలతో నిజం పేరే టైపు చేసి చూడాలి. ఉత్త పెట్టె పెట్టి చోటు సరిపోయిందనుకుంటే లాభం లేదు.

తర్వాత బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి, ఫోన్ తెరమీద బొటనవేలి గోరంత చేసి చూడండి. మొదట ముఖం, వెంటనే పేరు కనబడాలి. ఒక ఏ4 కాగితం మీద ప్రింటు కూడా తీయించాలి. తెరమీద కనిపించే సన్నని నీడలు కాగితం మీద గడ్డకట్టి నల్లబడతాయి. చొక్కా కాలరు పూర్తిగా మాయమైతే నీడల్ని కొద్దిగా పైకి లేపి మళ్లీ తీయించాలి.

పేరు సరిగా చదవలేకపోతే చాలామంది అక్షరాల చుట్టూ తెల్ల గీత గీస్తారు, వెనక నీడ పెడతారు, నల్లపట్టీ వేస్తారు. అవేవీ పెట్టకండి. అక్షరాలకు ఊతం కావాల్సి వచ్చిందంటే వెనక చోటు ఇంకా ఖాళీ కాలేదన్నమాట. అక్కడ మిగిలిన గుండీ మెరుపునో గోడ మరకనో వెతికి చీకట్లో కలిపేయండి. అప్పటికీ కుదరకపోతే ల్యాంపును ముఖానికి ఒక అడుగు దగ్గరకు జరిపి ఇంకో ఫొటో తీయండి. కంప్యూటర్ ముందు ఒక పూట కూర్చుని చేసే మరమ్మతు ఆ ఒక్క అడుగుతో తప్పిపోతుంది.