నరుటో 136వ ఎపిసోడ్ నుంచి ఎందుకు దారి తప్పింది?

‘నరుటో’ యానిమేను మొదటి నుంచి చూస్తూ వచ్చినవాళ్లు 135వ ఎపిసోడ్ దగ్గర గుండె బరువెక్కి కూర్చుంటారు. ప్రాణస్నేహితుడు ససుకే ఊరు విడిచి శత్రువు పంచన చేరిపోయాడు. ఆపబోయిన నరుటో ఓడిపోయి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. గురువు జిరాయా వచ్చి, నిన్ను వెంట తీసుకెళ్లి శిక్షణ ఇస్తానంటాడు. ఇక కథ పరుగు అందుకోవాలి. కానీ ఆ ప్రయాణం మొదలయ్యేది 220వ ఎపిసోడ్‌లో. మధ్యలో నరుటో రకరకాల ఊళ్లకు వెళ్లి దొంగలను పట్టుకుంటాడు, మునుపెన్నడూ వినని రాజ్యాల్లో తగువులు తీరుస్తాడు. ఇన్ని చేసినా అసలు కథ అంగుళం కూడా కదలదు. ఇలాంటి ఎపిసోడ్లనే అభిమానులు ‘ఫిల్లర్’ అంటారు.

ఇది ఎందుకు వచ్చిపడిందో తెలియాలంటే యానిమేకు కథ ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. నరుటో మొదట మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. మసాషి కిషిమొటో దాన్ని 1999 నుంచి ‘షోనెన్ జంప్’ వారపత్రికలో వారానికో అధ్యాయం చొప్పున గీస్తూ వచ్చారు. 2002 అక్టోబర్‌లో స్టూడియో పియెరో దాన్ని యానిమేగా మలిచి టీవీ టోక్యోలో మొదలుపెట్టింది. కిషిమొటో గీసిన కథ మీద నడిచిన ఎపిసోడ్లు ‘క్యానన్’, అంటే కథలో నిజంగా జరిగినవిగా లెక్కకు వచ్చేవి. మాంగాలో లేకుండా యానిమే రచయితలు సొంతంగా అల్లినవి ఫిల్లర్లు. రచయిత ఇంకా రాస్తూ ఉండగానే వారపత్రిక సీరియల్‌ను టీవీ వాళ్లు తీయడం మొదలుపెట్టి, ఆయన కలాన్ని దాటిపోయే పరిస్థితి వస్తే ఏం చేస్తారో ఊహించుకోండి. ఇక్కడ జరిగింది అదే.

కాస్త లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. ఒక మాంగా అధ్యాయం ఇరవై పేజీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పాటలు, ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల పైచిలుకు నడిచే ఎపిసోడ్‌కు ఒక్క అధ్యాయం చాలదు. నరుటో మాంగా మొదటి భాగం 238 అధ్యాయాలు. యానిమే దాన్ని దాదాపు 135 ఎపిసోడ్లలో పూర్తి చేసింది. అంటే వారానికి ఒకటిన్నర నుంచి రెండు అధ్యాయాల ఖర్చు. కిషిమొటో చేతి నుంచి వచ్చేది మాత్రం వారానికి ఒకటే, అదీ పత్రికకు సెలవుల్లేని వారాల్లో. యానిమే మొదలైనప్పుడు మాంగాకు మూడేళ్ల నిల్వ, సుమారు 140 అధ్యాయాలు, ముందుంది. 2005 మధ్యకు వచ్చేసరికి అది పాతిక ముప్పై అధ్యాయాలకు కరిగిపోయింది. అదే వేగంతో వెళ్తే కొన్ని నెలల్లో తీయడానికి కథే ఉండదు.

అలాంటప్పుడు కొన్నాళ్లు ఆపేయవచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. అప్పటి జపాన్ టీవీలో అది తేలిక కాదు. వారంవారం ఒకే సమయానికి వచ్చే యానిమే వెనుక ఆ సమయాన్ని కొనుక్కున్న స్పాన్సర్లు, బొమ్మలు, ఆటలు, పాటల సీడీలు అమ్ముకునే సంస్థలు ఉండేవి. ఒకసారి ఆ సమయం చేజారితే మళ్లీ దొరుకుతుందన్న హామీ లేదు. పిల్లలు మరో కార్యక్రమానికి అలవాటు పడిపోతారన్న భయం ఒకటి. కాబట్టి బండి ఆపలేదు. 136 నుంచి 140 దాకా, మళ్లీ 143 నుంచి 219 దాకా మొత్తం 82 ఎపిసోడ్లు సొంత కథలతో నెట్టుకొచ్చారు. 2007 ఫిబ్రవరిలో నరుటో ముగిసి, తరువాతి వారమే ‘షిప్పూడెన్’ పేరుతో రెండో భాగం మొదలైంది. ఈలోగా కిషిమొటోకు ఏడాదిన్నర పైగా వ్యవధి దొరికింది.

ఫిల్లర్లు చప్పగా ఉంటాయంటే రాసేవాళ్లకు చేతకాక అనుకోకూడదు. వాళ్ల చేతులు కట్టేసి ఉంటాయి. నరుటోలో ఆ 82 ఎపిసోడ్లు రాసినవాళ్ల పరిస్థితి చూడండి. ససుకే తిరిగి రాకూడదు, ఎందుకంటే మాంగాలో రాలేదు. నరుటో గొప్ప విద్య ఏదీ కొత్తగా నేర్వకూడదు, నేర్చుకుంటే రెండో భాగంలో దాన్ని ఎందుకు వాడలేదని ప్రేక్షకుడు అడుగుతాడు. ముఖ్యమైనవాళ్లు ఎవరూ చావకూడదు, ప్రేమలో పడకూడదు, పెద్ద రహస్యం ఏదీ బయటపడకూడదు. అంటే కథ ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడికే తిరిగి వచ్చి ఆగాలి.

రైగా కథ ఇందుకు మంచి ఉదాహరణ. మంచుపొగల గ్రామానికి చెందిన ఏడుగురు ఖడ్గవీరుల గురించి నరుటో అభిమానులందరికీ తెలుసు. మొదటి పెద్ద విలన్ జబూజా వాళ్లలో ఒకడే. ఫిల్లర్లలో అదే దళానికి చెందిన రైగా అనే కొత్త వీరుడిని దింపారు. మెరుపులు చిమ్మే జంట కత్తులు, బతికున్నవాళ్లకు అంత్యక్రియలు చేసే పిచ్చి, భుజాన ఒక పసివాడు. మంచి సరుకే. కానీ అంతటి శత్రువుతో పోరాడిన సంగతి నరుటో తరువాత గుర్తు చేసుకోడు. మాంగా అతన్ని ఎరగదు. చూసేవాడికి ఇది ముందే అర్థమైపోతుంది. ఏమీ మారదని తెలిశాక ప్రమాదం ప్రమాదంలా అనిపించదు. ఫిల్లర్‌లోని అసలు లోపం ఇదే.

ఏది ఫిల్లరో పోల్చుకోవడానికి అభిమానులు చూసే గుర్తులు కూడా ఇక్కడి నుంచే పుట్టాయి. మునుపు వినని దేశం, ఈ కథ అయ్యాక కనిపించని అతిథి పాత్ర, చివర్లో ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోవడం, అంతకుముందు జరిగిన పెద్ద విషాదం ఎవరికీ గుర్తులేనట్టు నవ్వులాటలు. అయితే గీత ప్రతిసారీ స్పష్టంగా ఉండదు. 141వ ఎపిసోడ్‌లో సకురా సునాడే దగ్గర శిష్యురాలిగా చేరాలని నిర్ణయించుకుంటుంది. ఇది మాంగాలో ఉన్నదే. 220లో నరుటో ఊరు విడవడమూ ఉన్నదే. మాంగాలో మొదటి భాగం చివర పక్కపక్కనే ఉన్న ఈ సంఘటనలను విడదీసి, వాటి మధ్య సొంత కథలు పేర్చారు. అందుకే కళ్లు మూసుకుని 136 నుంచి 220 దాకా దాటేస్తే కథలో ముక్కలు పోతాయి. ఇలా సగం అదీ సగం ఇదీ ఉన్నవాటిని అభిమానుల జాబితాల్లో ‘మిశ్రమ’ ఎపిసోడ్లుగా విడిగా చూపిస్తారు.

అభిమానులకు ఎక్కువ కోపం తెప్పించేది ఫిల్లర్ ఉండటం కంటే అది వచ్చిపడే చోటు. నరుటోలో కనీసం ఒక ఘట్టం ముగిశాక వచ్చింది. ‘బ్లీచ్’లో హ్యూకో ముండో యుద్ధం సగంలో ఉండగా 168వ ఎపిసోడ్ నుంచి అమగాయి అనే కొత్త కెప్టెన్ కథ మొదలై 189 దాకా నడిచింది. చావు బతుకుల మధ్య వదిలేసిన వీరులే మరోచోట వేరే పనిలో తిరుగుతూ కనిపించారు. ఐదు నెలల పాటు వారంవారం ఎదురుచూసినవాళ్ల విసుగు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

రెండో కారణం వాదోపవాదాలు. ఏ వీరుడు ఎవరికంటే బలవంతుడు, ఎవరి మనసులో ఏముంది అని అభిమానులు గంటలకొద్దీ తర్కిస్తారు. అక్కడ సాక్ష్యంగా చెల్లేది మాంగా రచయిత మాటే. ఫిల్లర్‌లో జరిగింది చూపించి గెలవాలనుకుంటే అవతలివాడు ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. మూడోది సమయం. నరుటో, షిప్పూడెన్ కలిపి 720 ఎపిసోడ్లు. అభిమానుల లెక్కల్లో అందులో నూటికి నలభై దాకా ఫిల్లరే.

ఫిల్లర్ వద్దనుకుంటే మరో దారి ఉంది, అదీ నొప్పే. ‘వన్ పీస్’ ఫిల్లర్లను తక్కువే వాడింది. బదులుగా ఉన్న కథనే సాగదీసింది. అందులోని డ్రెస్‌రోజా ఘట్టం మాంగాలో సుమారు 100 అధ్యాయాలు, యానిమేలో 118 ఎపిసోడ్లు. ఎపిసోడ్‌కు ఒక అధ్యాయం కూడా అందలేదు. పరుగెత్తే మనిషిని, నోరు తెరిచిన ముఖాలను పదేపదే చూపిస్తూ, గతవారం జరిగింది మళ్లీ చెబుతూ నింపారు. ఇది క్యాననే, కానీ ఫిల్లర్‌లా విసిగిస్తుంది. తేడా ఏమిటంటే దీన్ని దాటేయడానికి కూడా వీల్లేదు.

అలాగని ఫిల్లర్లన్నీ తాలు కాదు. నరుటో 101వ ఎపిసోడ్‌లో ముగ్గురు శిష్యులు గురువు కకాషి ముసుగు వెనక ముఖం చూడాలని పన్నాగాలు పన్నుతారు. చూడలేకపోతారు. అది ఇప్పటికీ అభిమానులు ఇష్టంగా చెప్పుకునే ఎపిసోడ్. వన్ పీస్‌లో 196 నుంచి 206 దాకా లూఫీ బృందం నౌకాదళం కోట జీ8లో పడి తప్పించుకునే కథ కూడా అంతే. ఈ రెండూ ఎందుకు నిలిచాయో గమనించండి. ముఖం కనబడకపోవడం, పట్టుబడకుండా బయటపడటం, రెండింటికీ మొదటికి రావడమే సహజమైన ముగింపు. కట్టుబాటుకు తగ్గ కథను ఎంచుకున్నారు. షిప్పూడెన్‌లో 57 నుంచి 71 దాకా వచ్చిన ఫిల్లర్ మరో ఉపాయం పట్టింది. ఆ వెంటనే క్యానన్‌లో చనిపోబోతున్న గురువు అసుమా గతాన్ని ముందుగా చెప్పి, ఆ చావుకు బరువు పెంచింది.

ఇప్పుడు వచ్చే యానిమేల్లో ఈ బెడద బాగా తగ్గింది. ‘డీమన్ స్లేయర్’ లాంటివి ఏడాది పొడవునా రావు. కథ చేతిలో ఉన్నంత మేర ఒక సీజన్ తీసి ఆగుతాయి, వీలు చూసుకుని మళ్లీ వస్తాయి. 2012లో ఆగిపోయిన బ్లీచ్ కూడా మాంగా పూర్తయ్యాక, 2022లో సీజన్ల పద్ధతిలోనే చివరి ఘట్టంతో తిరిగి వచ్చింది. బదులుగా ప్రేక్షకుడు చెల్లించేది ఎదురుచూపు. సీజన్‌కూ సీజన్‌కూ మధ్య ఏళ్లు గడవడం మామూలైపోయింది.

నరుటోను కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. 101 వదలొద్దు. 135 అయ్యాక 141 చూడండి. తరువాత నేరుగా 220కి వెళ్లి, అక్కడి నుంచి షిప్పూడెన్‌లోకి అడుగుపెట్టండి. కథలో మీకు లోటేమీ కనబడదు. ఆ కుర్రాడిని విడిచి ఉండలేమనిపించిన రోజున మిగతావి చూడండి. అలా చూస్తేనే ఫిల్లర్‌కు న్యాయం జరుగుతుంది.