ముక్కలు ఎన్నైనా డిస్క్ ఒక్కటే

ఒక ఆన్‌లైన్ దుకాణం డేటాబేస్‌లో ఆర్డర్ల టేబుల్ ఉందనుకుందాం. అందులో 4 కోట్ల వరుసలున్నాయి. నివేదికల కోసం ఆ టేబుల్ మొత్తాన్నీ ఇంకో మెషీన్‌లోకి కాపీ చెయ్యాలి. అదే సమయంలో కొనేవాళ్లు కొంటూనే ఉంటారు. ఒక్క ప్రోగ్రామ్ సెకనుకు 5 వేల వరుసల చొప్పున చదువుకుంటూ పోతే పని పూర్తికావడానికి రెండు గంటల పైనే పడుతుంది. నలుగురు పంచుకుంటే అరగంటలో అయిపోదా అన్నది ఎవరికైనా వచ్చే ఆలోచనే.

హడూప్ వ్యవస్థలోకి డేటా తెచ్చేందుకు చాలాకాలం వాడిన స్కూప్ అనే సాధనం ఇలాగే చేసేది. ముందు ప్రైమరీ కీలో అతి చిన్న విలువను, అతి పెద్ద విలువను అడిగేది. ఆ మధ్య దూరాన్ని సమానంగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో పనికి అప్పజెప్పేది. మనం వేరే సంఖ్య చెప్పకపోతే నాలుగు ముక్కలు చేసేది.

```sql
SELECT MIN(id), MAX(id) FROM orders;
SELECT * FROM orders
WHERE id >= 1 AND id < 25000001;
```

రెండో ప్రశ్నలో ఒకవైపు `>=`, మరోవైపు `<` ఉండటం గమనించండి. రెండువైపులా సమానం గుర్తు పెడితే సరిహద్దులో ఉన్న వరుస రెండు ముక్కల్లోనూ వస్తుంది. రెండువైపులా తీసేస్తే ఎందులోనూ రాదు. కాపీ అయ్యాక రెండుచోట్లా వరుసల లెక్క పోల్చి చూస్తే ఇలాంటి పొరపాటు బయటపడుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఖాళీలతో వస్తుంది. మన టేబుల్‌లో `id` 10 కోట్ల దాకా వెళ్లింది కానీ పాత ఆర్డర్లు చాలావరకు తొలగించేశారు. సమానంగా కోసిన నాలుగు ముక్కల్లో వరుసగా 20 లక్షలు, 50 లక్షలు, 1.1 కోట్లు, 2.2 కోట్ల వరుసలు పడ్డాయనుకుందాం. మొదటి పని ఏడు నిమిషాల్లోపే ముగుస్తుంది, చివరిదానికి గంటా పావు దాకా పడుతుంది. మిగతా మూడూ ఖాళీగా కూర్చుంటాయి. 5 లక్షల కీలకు ఒకటి చొప్పున 200 చిన్న ముక్కలు చేసి, చేతిలోది అయిపోయిన పని తర్వాతి ముక్కను అందుకునేలా పెడితే ఈ తేడా రెండు నిమిషాలకు మించదు. నా దృష్టిలో ఇదే సరైన పద్ధతి. మధ్యలో ఏదైనా ఆగిపోయినా ఆ ముక్క ఒక్కటి మళ్లీ చదివితే చాలు.

ముక్కలు 200 చేశాం గనక పనులు కూడా 50కో 100కో పెంచేద్దామనిపిస్తుంది. కానీ ఒకే బావిలో ఎన్ని మోటార్లు దించినా ఊట పెరగదు. మన ఉదాహరణలో ఒక పని సెకనుకు 5 వేల వరుసలు తెస్తే, నాలుగు కలిసి 18 వేలు తెచ్చాయనుకుందాం. ఎనిమిదికి పెంచితే 21 వేలే వచ్చాయి. పదహారుకు 19 వేలకు పడిపోయింది. అంటే డిస్క్ చదివే వేగమో, ప్రాసెసరో, నెట్‌వర్కో అంచుకు చేరింది. ఆపైన చేరిన ప్రతి పనీ మిగతావాటితో వాటా కోసం పోటీపడటమే. ఈ కొలతలు తీసేటప్పుడు దుకాణం ప్రశ్నలకు జవాబు ఎంతసేపట్లో వస్తోందో కూడా చూడాలి. నాలుగు పనులప్పుడు 20 మిల్లీసెకన్లు 25 అయితే ఓర్చుకోవచ్చు. ఎనిమిదప్పుడు 90 అయితే, కాపీ కాస్త త్వరగా అవుతుందని కొనేవాళ్లను నిలబెట్టినట్టే. ఇక్కడ నాలుగు దగ్గరే ఆగాలి.

ఏ కాలమ్ మీద కోస్తున్నామన్నదీ భారాన్ని మార్చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ వరుసలను ప్రైమరీ కీ క్రమంలోనే దాస్తుంది కాబట్టి ఆ కీ మీద కోసిన ముక్క ఒక్కచోటే దొరుకుతుంది. ఇండెక్స్ లేని కాలమ్ మీద కోస్తే, తన వాటా వరుసలు ఏరుకోవడానికి ప్రతి ప్రశ్నా టేబుల్ మొత్తం తిరగాలి. 200 ముక్కలంటే టేబుల్‌ను 200 సార్లు చదవడం. కాపీ మొదలుపెట్టేముందు ఆ ప్రశ్నకు `EXPLAIN` తగిలించి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది.

భారం రాత్రంతా ఒకేలా ఉండదు గనక పనుల సంఖ్యను ఒకసారి లెక్కగట్టి వదిలేస్తే చాలదు. టేబుల్ నిర్మాణం మార్చడానికి వరుసలను కొత్త టేబుల్‌లోకి కాపీ చేసే `pt-online-schema-change` దీనికి మంచి దారి చూపింది. అది ముక్క పరిమాణాన్ని వరుసల లెక్కతో కాక సమయంతో కొలుస్తుంది. ఒక్కో ముక్క అర సెకనులో అయ్యేలా పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతుంది. సర్వర్‌లో ఒకేసారి నడుస్తున్న ప్రశ్నలు 25 దాటితే ఆగి ఎదురుచూస్తుంది. 50 దాటితే పనే మానేస్తుంది. ఈ హద్దులు ముందే పెట్టి ఉంటాయి, అవసరాన్నిబట్టి మార్చుకోవచ్చు. సమాంతరంగా కాపీ చేసే ప్రోగ్రామ్ రాసేవాళ్లు కూడా కొత్త ముక్క అందుకునే ముందు ఇదే తనిఖీ పెట్టుకోవచ్చు. మన 200 ముక్కల పద్ధతిలో అలా ఆగడానికి రెండేసి నిమిషాలకోసారైనా వీలు దొరుకుతుంది.