కొండ మీద చెట్టు... తొందరపడదు!

ప్రేమించారు. పెళ్లి చేసుకోవాలనీ అనుకున్నారు. కానీ పెద్దవాళ్లు ఇంకొంత కాలం ఆగమంటున్నారు. ఇలాంటి సందేహంతో చైనావాళ్ల ప్రాచీన శకున గ్రంథం 'ఈ జింగ్'ని ఆశ్రయిస్తే, అందులోని 64 రేఖాచిత్రాల్లో 53వది వచ్చిందనుకోండి... దాని పేరు 'జియెన్'. అంటే మెల్లమెల్లగా సాగడం. కింద కొండ, పైన చెట్టు. కొండమీది చెట్టు ఎదుగుదల ఏ రోజుకారోజు కంటికి కనిపించదు, కానీ వేళ్లు మాత్రం దిగుతూనే ఉంటాయి. ఆడపిల్లను అత్తారింటికి పంపడం శుభమని మూలంలోనే ఉంది.

ఒక్కో చిత్రంలో ఆరు గీతలుంటాయి, కింది నుంచి పైకి చదవాలి. ఇక్కడ ఆరింటిలోనూ కనిపించేది వలస బాతే. నీటి ఒడ్డు, బండరాయి, మెట్ట నేల, చెట్టు, గుట్ట... ఇలా మజిలీలు మారుస్తుంది. బాతే ఎందుకంటే, పాత చైనా పెళ్లికి ఆరు తంతులు. సంబంధం అడగడంతో మొదలై వరుడు స్వయంగా వచ్చి వధువును తీసుకెళ్లడంతో ముగిసేవి. వాటిలో అయిదింటికి కానుక బాతే! పట్టుబట్టలిచ్చే నాలుగోదానికి మాత్రం అక్కర్లేదు. కాలం తప్పకుండా వచ్చే పక్షి, ఒకే జోడీతో ఉంటుందని నమ్మకం. కొరియా సంప్రదాయ పెళ్లిళ్లలో ఇప్పటికీ కొయ్య బాతు కనిపిస్తుంది.

చిత్రాన్ని రాబట్టడానికి మూడు నాణేలను ఆరుసార్లు వేస్తారు. బొమ్మకు 3, బొరుసుకు 2. మొత్తం బేసి సంఖ్య అయితే నిండు గీత, సరి సంఖ్య అయితే విరిగిన గీత. 6 లేదా 9 వస్తే ఆ గీత 'మారేది', సలహా ప్రధానంగా అక్కడే చూడాలి.

ఓ అబ్బాయి 'ఈ నెలలోనే ముహూర్తం పెట్టించమని పట్టుబట్టనా?' అని అడిగాడనుకుందాం. వరుసగా 8, 8, 9, 8, 7, 7 పడ్డాయి. వచ్చింది జియెనే, కానీ మూడో గీత మారేది. అక్కడ నీటిపక్షి ఎండు మెట్టకు చేరింది. వెళ్లిన భర్త తిరిగి రాడు, భార్యకు కడుపు పండినా బిడ్డ దక్కదు. చిత్రం మొత్తం శుభమే అయినా ఈ గీత అశుభం! సంబంధం మంచిదే, తొందరే చేటు అన్నమాట. ఆ గీత మారితే వచ్చేది 20వ చిత్రం, 'పరికించడం'. ఆగి, అవతలివాళ్ల ఇబ్బందేమిటో చూడమని. చాలామంది పేరు చూసి సంబరపడి ఈ గీత దగ్గరే పొరబడతారు.

అదే అయిదో గీత మారి ఉంటే కథ వేరు. మూడేళ్లు సంతానం ఉండదు, చివరికి ఏదీ అడ్డు నిలవదు. రెండో గీతకూ అయిదో గీతకూ జోడీ కుదిరినా, మధ్యలో మూడు, నాలుగు అడ్డున్నాయి కాబట్టే ఆలస్యమని వ్యాఖ్యాతల మాట. అలాగని ఆ మూడేళ్లను క్యాలెండర్‌లో లెక్కపెట్టుకుని కూర్చోకూడదు. ఇది ముహూర్తం పెట్టే పంచాంగం కాదు మరి!