ఉద్యోగి ఇంట్లో మరణం: సెలవు, పని, పై అధికారి మాట

విద్యార్థులారా, మీలో చాలామంది మరికొన్నేళ్లలో ఉద్యోగాల్లో చేరతారు. ఆ తర్వాత అయిదారేళ్లకు మీ కింద నలుగురో అయిదుగురో పనిచేస్తారు. ఏదో ఒక ఉదయం వారిలో ఒకరు ఫోన్ చేసి, "సార్, రాత్రి మా నాన్న పోయారు" అంటారు. అప్పుడు మీరు ఏమనాలి? ఆ మనిషి సెలవును, పనిని ఎలా సర్దాలి? ఈ పాఠంలో ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా పరిశీలిద్దాం.

హైదరాబాదులోని ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో, నీటి నమూనాలను విశ్లేషించే టెక్నీషియన్ ఒకరున్నారనుకోండి. వారానికి 5 రోజుల పని. సొంత ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. 1వ తేదీ సోమవారం ఆయన మామూలుగా పనిచేసి ఇంటికి వెళ్లారు. ఆ రాత్రి ఊళ్లో తండ్రి చనిపోయారు. మంగళవారం తెల్లవారుజామున బయలుదేరుతూ పై అధికారికి ఫోన్ చేశారు.

ఈ మొదటి ఫోన్‌లో చెప్పవలసింది చాలా తక్కువ. "మీ నాన్నగారి సంగతి విని చాలా బాధగా ఉంది. మీరు వెళ్లిరండి. సెలవు సంగతి, ఈ వారం నమూనాల సంగతి నేను చూసుకుంటాను. దరఖాస్తు వచ్చాక రాసివ్వవచ్చు. మన విభాగంలో వాళ్లకు నేను చెప్పనా, మీరే చెబుతారా?" ఇంతే. చివరి ప్రశ్న ముఖ్యమైనది. కొందరికి ఆ వార్త పదిమందికీ తెలియడం ఊరట. కొందరికి తామే చెప్పుకోవాలని ఉంటుంది. అడగకుండా విభాగం మొత్తానికీ ప్రకటించడం తప్పు.

ఆ ఫోన్‌లో అడగకూడనివి రెండున్నాయి. ఒకటి, "మళ్లీ ఎప్పుడొస్తారు?" రెండోది, "ఆ బీరువా తాళం ఎక్కడ పెట్టారు?" వంటి పని ప్రశ్న. తాళం నిజంగానే కావలసి రావచ్చు. అప్పుడు మరో సహోద్యోగి చేత, రెండు రోజులు ఆగి అడిగించాలి. "వయసెంత? ఎనభై రెండా? పూర్ణాయుష్షే కదా" అనే మాట మన దగ్గర ఓదార్పుగా చలామణీలో ఉంది. బంధువులు అంటే చెల్లుతుందేమో గాని, అధికారి నోట వస్తే ఇంత బాధ అవసరమా అన్నట్టు వినిపిస్తుంది. "ఏమైనా కావాలంటే అడగండి" అనేది మంచి మాటే, కాని ఏం కావాలో ఆలోచించే భారాన్ని అది ఆ మనిషి మీదే పెడుతుంది. "దరఖాస్తు నేను చూసుకుంటాను" అనడంలో ఒక పని తప్పిపోతుంది.

ఇక సెలవు. మరణం సందర్భంగా ఇన్ని రోజులు సెలవు ఇవ్వాలని ఉద్యోగులందరికీ వర్తించే చట్టం మన దేశంలో లేదు. కొన్ని ప్రైవేటు సంస్థలు తమ నిబంధనల్లో కొద్ది రోజుల సెలవు పెట్టుకున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మాత్రం ఖాతాలో ఉన్న సెలవులనే వాడుకోవాలి. ఒక ప్రత్యేక సందర్భానికి మినహాయింపు ఉంది. శిశువు మృతజన్మ అయినా, పుట్టిన వెంటనే చనిపోయినా, కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగికి కొన్ని షరతులకు లోబడి 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇచ్చేలా 2022లో ఉత్తర్వు వచ్చింది.

మన టెక్నీషియన్ లెక్క చూద్దాం. చనిపోయిన రోజుతో కలిపి లెక్కిస్తే 11వ రోజు 11వ తేదీ గురువారం. వారి కుటుంబ ఆచారంలో 12వ రోజు కార్యక్రమం శుక్రవారం ముగుస్తుంది. శని, ఆదివారాల్లో ప్రయాణం. 15వ తేదీ సోమవారం పనిలో చేరతారు. మధ్యలో పోయిన పనిదినాలు 9. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి ఉండే క్యాజువల్ లీవు 8 రోజులు. అందులోనూ ఒకేసారి 5 రోజులకు మించి మామూలుగా ఇవ్వరు. కాబట్టి క్యాజువల్ లీవు చాలదు.

చాలా కార్యాలయాల్లో జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. "ముందు నాలుగు రోజులు సీఎల్ రాసుకోండి, తర్వాత చూద్దాం" అని దయతోనే అంటారు. కాని సీఎల్‌ను ఎర్న్‌డ్ లీవుతో కలపడానికి నిబంధనలు ఒప్పుకోవు. రెండు వారాల తర్వాత మనిషి తిరిగి వచ్చేసరికి ఆ దరఖాస్తు "సరిచేసి ఇవ్వండి" అంటూ బల్లమీద ఎదురుచూస్తూ ఉంటుంది. గుండుతో, నిద్రలేని కళ్లతో వచ్చిన మనిషికి మొదటి రోజు పలకరింపు అది! మొదటినుంచే 2వ తేదీ నుంచి 12వ తేదీ వరకు ఎర్న్‌డ్ లీవుగా పెడితే 11 రోజులవుతుంది. మధ్యలో వచ్చిన 6, 7 తేదీల శని ఆదివారాలు లెక్కలోకి వస్తాయి, చివరి శని ఆదివారాలు రావు. ఏటా జనవరిలో 15, జూలైలో 15 చొప్పున జమ అయ్యే సెలవు కాబట్టి చాలామందికి ఈ నిల్వ ఉంటుంది.

ఇలా చేస్తే ఇంకో లాభం ఉంది. క్యాజువల్ లీవులు చేతిలో మిగులుతాయి. అవి తర్వాత చాలా అవసరం. మరణ నమోదు 21 రోజుల్లోగా జరగాలి. ఆ ధ్రువపత్రం చేతికి వచ్చాకే బ్యాంకు, తల్లికి కుటుంబ పింఛను, పొలం కాగితాలు కదులుతాయి. ఇవన్నీ రెండో నెలలోనో మూడో నెలలోనో, ఒక్కో రోజు చొప్పున పడే పనులు. సెలవు మొదటి పక్షంలో గుత్తగా ఖర్చయిపోతే అవసరం మాత్రం ఏడాది పొడుగునా చిల్లరగా వస్తూ ఉంటుంది. మరణ ధ్రువపత్రం తెస్తేనే సెలవు మంజూరు అనడం ఎందుకు కుదరదో కూడా ఇక్కడే తెలుస్తోంది కదా.

ఆచారాల విషయంలో అధికారి ఊహించకూడదు, అడగాలి. పది పన్నెండు రోజుల లెక్క అందరిదీ కాదు. భర్త చనిపోయిన ముస్లిం మహిళకు ఇద్దత్ 4 చాంద్రమాసాల 10 రోజులు. దాన్ని ఎలా పాటిస్తారన్నది ఆమె చెప్పాలి. అలాగే "సొంత తండ్రా, పెదనాన్నా?" అని ఆరా తీసి సెలవు తూచేవారిని నేను చూశాను. పెంచి పెద్దచేసిన పెదనాన్న పోతే ఆ మనిషికి పోయింది తండ్రే.

ఇప్పుడు 15వ తేదీకి వద్దాం. అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. ఊళ్లో చుట్టూ జనం ఉన్నారు, ప్రతి గంటకూ ఏదో కార్యక్రమం ఉంది. ఇక్కడ అవేవీ లేవు. విషాదానికి అయిదు దశలుంటాయని మీరు వినే ఉంటారు. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో ఆ దశలను వర్ణించింది మరణానికి చేరువలో ఉన్న రోగులతో మాట్లాడి. ఆప్తులను పోగొట్టుకున్నవారికి అది వరుస తప్పని కాలపట్టిక కాదు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పిన నమూనా మన పనికి ఎక్కువ ఉపయోగపడుతుంది. దాని ప్రకారం మనిషి రెండు వైపులకూ ఊగుతూ ఉంటాడు. కాసేపు పోయినవారి తలపు, కాసేపు మారిన జీవితాన్ని చక్కబెట్టుకోవడం. పదింటికి నవ్వుతూ టీ తాగిన మనిషి మూడింటికి బ్యూరెట్ ముందు కన్నీళ్లు పెట్టుకుంటే అందులో నటన లేదు. పని ఆయనకు కొంత ఊపిరి కూడా ఇస్తుంది. అందుకే మొత్తం పని లాగేసుకోవడం సాయం కాదు. నా స్థానం పోయిందా అన్న కొత్త భయం మొదలవుతుంది.

ఏ పని తగ్గించాలి? నిద్ర చాలని, మనసు చెదిరిన మనిషికి ముందుగా దెబ్బతినేది ఏకాగ్రత, అప్పటికప్పుడు గుర్తుంచుకునే శక్తి. కాబట్టి బరువును చూడకండి, పొరపాటు ఫలితాన్ని చూడండి. గాఢ ఆమ్లాలను విలీనం చేయడం, గ్యాస్ సిలిండర్లు మార్చడం, రాత్రిపూట ఒంటరి డ్యూటీ వంటివి రెండు వారాలు వేరొకరికి ఇవ్వాలి. అంశమాపనాలు, తూకాలు ఆయనే చేయవచ్చు. రీడింగును మాత్రం మరొకరు కూడా చూసి సంతకం చేయాలి. ఇది ఆయన ఒక్కరికే పెడితే అనుమానించినట్టుంటుంది. ఆ రెండు వారాలూ విభాగమంతటికీ పెట్టండి. నమూనాల నమోదు, పరికరాల శుభ్రత వంటి అలవాటైన పనులు యథాతథంగా ఆయనవే.

గడువు తేదీని ముందే చెప్పాలి. "ఈ ఏర్పాటు 26వ తేదీ శుక్రవారం దాకా. ఆ రోజు మనిద్దరం కూర్చుని చూద్దాం." ఆ అదనపు పని మోసే సహోద్యోగికి కూడా అదే తేదీ చెప్పాలి, ఆయన పనిలో ఏదో ఒకటి తగ్గించాలి. లేకపోతే మూడో వారానికి సానుభూతి స్థానంలో విసుగు వస్తుంది.

తిరిగివచ్చిన మొదటి ఉదయం గురించి ఒక మాట. పలకరింపు మన సంప్రదాయం. అయితే పదిమంది విడివిడిగా వచ్చి "ఎలా జరిగింది?" అని అడిగితే ఆ రాత్రిని ఆయన పదిసార్లు చెప్పుకోవాలి. అధికారి ఆయనను ముందుగా తన గదిలో కూర్చోబెట్టి, "వచ్చినందుకు సంతోషం. నాన్నగారి గురించి మాట్లాడాలనిపిస్తే వింటాను, లేదంటే పని సంగతే మాట్లాడుకుందాం" అనవచ్చు. ఆయన మాట్లాడితే వినండి. మీ ఇంట్లో జరిగిన మరణం కథ అప్పుడు మొదలుపెట్టకండి.

26వ తేదీన ఏం చూడాలి? "బాగున్నారా?" అంటే "బాగానే ఉన్నాను సార్" అనే వస్తుంది. రికార్డు పుస్తకం తెరవండి. నిన్నటి తేదీ మళ్లీ వేయడం, వరుసలు వదిలేయడం, ఒకే నమూనాను రెండుసార్లు నమోదు చేయడం తగ్గుతున్నాయా? తగ్గుతుంటే ఒక్కో పనీ తిరిగి అప్పగించండి. లేదంటే ఇంకో రెండు వారాలు. అసలు ఇంటికే వెళ్లకుండా రోజూ రాత్రి ఎనిమిది దాకా కూర్చుంటున్నా అది గమనించవలసిన గుర్తే.

అధికారి వైద్యుడు కాడు. నెలలు గడిచినా తీవ్రమైన తపన తగ్గక రోజువారీ జీవితమే సాగకపోతే దానికి చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దీర్ఘకాలిక విషాద రుగ్మతకు కనీసం 6 నెలల వ్యవధిని గీతగా పెట్టింది. బతకాలని లేదన్న మాట వస్తే మాత్రం ఏ గడువూ చూడకూడదు, ఒంటరిగా వదలకూడదు. ఆ రోజే ఇంటివారికి చెప్పి వైద్యుడి దగ్గరికి చేర్చాలి. 2022లో మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు పలుకుతుంది.

మిగిలింది సంవత్సరీకం. ఏడాది తర్వాత అదే 1వ తేదీ చుట్టూ సెలవు ఉంచితే సరిపోతుందనుకోకండి. అది తిథిని బట్టి వస్తుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు కాబట్టి తిథి దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. మధ్యలో అధికమాసం వస్తే 19 రోజుల దాకా వెనక్కి పోతుంది. తేదీ ఆయన్నే అడిగి, ఆ నెల డ్యూటీ పట్టిక వేయకముందే రాసి పెట్టుకోండి.