వీధిలో మగదోమలెన్ని?

డెంగీ దోమను తగ్గించడానికి మందు కొట్టకుండా చేసే పని ఒకటుంది. సంతానశక్తి లేకుండా చేసిన మగదోమల్ని లక్షల్లో పెంచి ఊళ్లోకి వదిలేస్తారు. మగదోమ కుట్టదు కాబట్టి జనానికి బాధ లేదు. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టి ఆడదోమ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. ఆ ఒక్కసారీ ఈ వంధ్య మగదానికి దొరికితే, అది పెట్టే గుడ్లు పిల్లలు కావు. అయితే ఊళ్లో పుట్టిన మగవాటికంటే వదిలినవి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటేనే పథకం పారుతుంది. పదిరెట్లు కావాలనుకుందాం. దేనికి పదిరెట్లు? అసలు వీధిలో మగదోమలు ఎన్నున్నాయి?

1970ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ మీద ఒక పరిశోధన విభాగం నడిపాయి. వివాదాల మధ్య 1975లో అది మూతపడింది. ఆ పని చేసినవాళ్లకూ, ఇప్పుడు చేస్తున్నవాళ్లకూ ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. దోమల్ని ఒకచోట నిలబెట్టి లెక్కపెట్టలేం. కొన్నిటికి గుర్తుపెట్టి వదిలి, మళ్ళీ వలపన్ని, పడినవాటిలో గుర్తున్నవి ఎన్నో చూసి, మొత్తాన్ని అంచనా కట్టాలి.

ఈ ఆలోచన దోమల కోసం పుట్టింది కాదు. డెన్మార్క్‌లో పీటర్సన్ 1890లలో చేపలకు గుర్తులు కట్టి వదిలాడు. అమెరికాలో ఫ్రెడరిక్ లింకన్ 1930లో, కాళ్లకు పట్టీలు వేసి వదిలిన అడవి బాతుల్లో వేటగాళ్ల చేతికి చిక్కినవెన్నో చూసి, దేశంలోని బాతుల సంఖ్యను అంచనా కట్టే దారి చూపాడు. కీటకాలవాళ్లు ఆయన పేరే పట్టుకుని దీన్ని లింకన్ సూచిక అంటారు.

సూత్రం చాలా చిన్నది:

N = M × C ÷ R

M గుర్తుపెట్టి వదిలినవి. C రెండోసారి వలలో పడిన మొత్తం. R ఆ పడినవాటిలో గుర్తున్నవి. N మనకు కావాల్సిన మొత్తం సంఖ్య. వలలో పడినవాటిలో గుర్తున్నవి ఎంత భాగమో, వీధి మొత్తంలోనూ గుర్తున్నవి అంతే భాగం అనుకుంటే ఈ సూత్రం దానంతటదే వస్తుంది. చిక్కంతా ఆ ‘అనుకుంటే’లోనే ఉంది.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. పరిశోధనశాలలో పెంచిన మగదోమల్ని వల మూత ఉన్న కాగితపు కప్పుల్లోకి తీసుకుంటారు. చీకట్లో వెలిగే రకం రంగుపొడిని చిటికెడు వేసి మెల్లగా కదిలిస్తే, అది రెక్కల మీదా కాళ్ల మీదా సన్నగా అంటుకుంటుంది. పొడి ఎక్కువైతే దోమ ఎగరలేదు, తక్కువైతే రాలిపోతుంది. ఎంత వెయ్యాలన్నది చేతికి అలవాటయ్యే విద్య. వదిలేటప్పుడు కప్పు అడుగున చచ్చిపడినవి తప్పకుండా లెక్కపెట్టాలి, ఎందుకంటే M అంటే గుర్తుపెట్టినవి కాదు, ప్రాణంతో ఎగిరిపోయినవి. ఆ తర్వాత ఒక రోజు ఆగుతారు, అవి వీధిలోని దోమల్లో కలిసిపోవాలి కదా. మర్నాడు వీధి పొడవునా పెట్టిన బోనుల్లో పడినవాటిని తెచ్చి, అతినీలలోహిత దీపం కింద ఒక్కొక్కటే తిప్పి చూస్తారు. పొడి అంటినది మెరుస్తుంది. రోజుకో రంగు వాడితే, ఏ దోమ ఏ రోజు వదిలిందో కూడా తెలుస్తుంది.

ఇక లెక్క. ఈ అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవి, ఏ ఊరివీ కావు. నీళ్ల డ్రమ్ములూ సంపులూ ఉన్న ఒక కాలనీలో 420 మగదోమలకు ఎర్రపొడి పెట్టారు. 20 కప్పుల్లోనే చచ్చిపోయాయి, 400 ఎగిరిపోయాయి. మర్నాడు బోనుల్లో పడిన ఏడిస్ మగదోమలు 90. దీపం కింద ఎర్రగా మెరిసినవి 12.

400 × 90 ÷ 12 = 3,000

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. బడిలో చింతగింజలతో ఈ లెక్క నేర్పితే ఆపినా తప్పులేదు, గింజలు చావవు. దోమలు చస్తాయి. వదిలిన రాత్రే బల్లులకూ సాలీళ్లకూ కొన్ని బలవుతాయి. వీధిలో పుట్టిన దోమలు చచ్చినా, వాటి జాగాలో డ్రమ్ముల్లోంచి కొత్తవి లేచి వస్తాయి. గుర్తున్నవి చస్తే మాత్రం వాటి జాగాలో గుర్తున్న దోమ పుట్టదు. అంటే రోజు గడిచేకొద్దీ గుర్తున్నవి పలచబడుతుంటాయి, R తగ్గుతుంది, జవాబు లేనిపోని పెద్దదవుతుంది.

ఎంత పలచబడ్డాయో తెలియాలంటే బోనులు ఒక్కరోజుతో ఎత్తేయకూడదు. వరసగా నాలుగు రోజులు ఉంచితే ఎర్రవి 12, 10, 8, 6 పడ్డాయనుకోండి. ప్రతిరోజూ అంతకుముందు రోజుకు సుమారు ఐదింట నాలుగు వంతులే మిగులుతున్నాయి. కాబట్టి రోజుకు 80 శాతం బతుకుతున్నాయని తీసుకోవచ్చు. ఈ లెక్కన మొదటి మర్నాటికి ప్రాణంతో ఉన్నవి 400 కాదు, 320. ఇలా రోజుల తరబడి గుర్తుల్ని వెంబడించి బతుకుబాట తేల్చే పద్ధతిని ఫిషర్, ఫోర్డ్ అనే ఇద్దరు 1947లో, ఇంగ్లండ్‌లో ఒక రకం చిమ్మెటల మీద పనిచేస్తూ నిలబెట్టారు. తర్వాత షెపర్డ్, ఆయన సహచరులు బ్యాంకాక్‌లో ఏడిస్ ఈజిప్టి మీద గుర్తుపెట్టి వదిలే పని చేసి 1969లో ప్రచురించారు. ఎన్నున్నాయన్నదొక్కటే కాదు, ఎన్నాళ్లు బతుకుతున్నాయన్నదీ డెంగీకి సంబంధించిన సంగతే. వైరస్ తాగిన ఆడదోమ, అది తన ఒంట్లో పెరిగేదాకా బతికితేనే ఇంకొకరికి అంటించగలదు.

320 పెట్టి చూస్తే 320 × 90 ÷ 12 = 2,400. ఒక్క సవరణతో ఆరువందలు తగ్గాయి.

ఇంకో చిన్న సవరణ కూడా ఉంది. R చిన్న అంకె అయినప్పుడు లింకన్ సూత్రం కొంచెం ఎక్కువవైపు మొగ్గుతుంది. ఒక్కటీ దొరక్కపోతే సున్నాతో భాగించాల్సొస్తుంది, లెక్కే కుదరదు. అందుకని చాప్‌మన్ అనే గణాంకవేత్త 1951లో మూడు చోట్లా ఒకటి కలిపి, చివర్లో ఒకటి తీసేయమన్నాడు:

N = (M + 1) × (C + 1) ÷ (R + 1) − 1

321 × 91 ÷ 13 − 1 = 2,246

ఇది వీధిలోని మొత్తం మగదోమలు. మనం వదిలినవీ ఇందులో ఉన్నాయి. బయటివాటి సంఖ్య కావాలంటే మన 320 తీసేయాలి. 2,246 − 320 = 1,926. వీధిలో పుట్టి పెరిగిన మగదోమలు సుమారు 1,900 అన్నమాట. పరిశోధనశాల దోమల్ని వదిలినప్పుడు ఈ తీసివేత మర్చిపోవడం తేలిక.

ఈ 1,900ని ఎంతవరకు నమ్మాలి? జవాబు ఆ 12 చేతిలో ఉంది. బోనుల్లో 12 బదులు 9 ఎర్రవి పడి ఉంటే మొత్తం 2,920 వచ్చేది, 15 పడి ఉంటే 1,825. మూడు దోమలు అటూ ఇటూ అయినందుకు వెయ్యికి పైగా తేడా. గణాంకశాస్త్రం చెప్పే హద్దులు వేస్తే 2,246 చుట్టూ అటూ ఇటూ సుమారు 1,070 ఉంటాయి. మన 320 తీసేశాక బయటి మగదోమలు 860 నుంచి 3,000 దాకా ఎన్నైనా ఉండొచ్చు. ఈ హద్దుల్ని సగానికి కుదించాలంటే మళ్ళీ దొరికే గుర్తు దోమలు రెండింతలైతే చాలదు, సుమారు నాలుగింతలు కావాలి. అనుభవమున్నవాళ్లు C పెద్దదైతే మురిసిపోరు, R ఎంత అని అడుగుతారు.

హద్దుల్ని వెడల్పు చేసే తప్పు ఒకటైతే, లెక్కను ఒకే పక్కకు లాగే తప్పులు వేరు. వీటికి దోమలు ఎన్ని పట్టినా ఫలితం లేదు. పొడి రాలిపోతే గుర్తు దోమ గుర్తులేనిదిగా లెక్కలోకి వెళుతుంది, మొత్తం ఉబ్బుతుంది. పొడి వల్లే దోమ త్వరగా చచ్చినా అంతే. ఈ రెంటినీ కనిపెట్టడానికి వదిలే రోజే పొడిపెట్టినవి కొన్ని, పెట్టనివి కొన్ని పంజరాల్లో ఉంచుకుంటారు. పొడి పంజరంలో చావులు ఎక్కువైనా, నాలుగో రోజున దీపం కింద మెరవని దోమలు కనిపించినా ఆ రంగు పనికిరాదని అర్థం. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. బోనులోంచి బయటికి తీసే ట్యూబులో ఎర్రదానితో కలిసి నలిగిన మామూలు దోమకు పొడి అంటుకుంటే R పెరిగి, మొత్తం తగ్గిపోతుంది. ఒంటినిండా కాక ఒకే కాలి మీద చిన్న మెరుపు కనిపిస్తే అనుమానించాల్సిందే.

అన్నిటికంటే మొండిది కలగలుపు సమస్య. దోమల్ని వీధి మొదట్లో వదిలి, బోనులూ అక్కడే గుంపుగా పెడితే గుర్తున్నవే ఎక్కువ పడి, సంఖ్య తక్కువగా వస్తుంది. దోమలు పక్క వీధికి వెళ్లిపోతే ఎక్కువగా వస్తుంది. పైగా రోజురోజుకీ తగ్గే 12, 10, 8, 6లో చచ్చినవేవో, వలస పోయినవేవో బోను చెప్పదు. ఒకచోట దోమల్ని తగ్గిస్తే బయటినుంచి ఎన్ని వచ్చి చేరతాయన్న ప్రశ్న పాతదే. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్, 1904లో దీన్నే లెక్కల్లోకి దించే ప్రయత్నం చేశాడు. ఇప్పటివాళ్లు చేసేది సూటిగా ఉంటుంది. ఏ బోనులో ఎన్ని ఎర్రవి పడ్డాయో పటం మీద గుర్తిస్తారు, అంచుల్లోని బోనుల్లోనూ అవి కనిపిస్తుంటే హద్దు చిన్నదని తెలుసుకుంటారు. ఏడిస్ సాధారణంగా దూరం పోయే దోమ కాదు, పుట్టినచోటికి వంద రెండు వందల మీటర్లలోనే ఎక్కువగా తిరుగుతుంది. కాలనీ లెక్క కుదరడానికి ఈ గుణమే ఆసరా. పెంపకపు మగదోమ, వీధి మగదోమ బోనుకు ఒకే రకంగా ఆకర్షింపబడతాయా అన్నది మాత్రం ఈ పద్ధతి తనంతట తాను తేల్చలేదు.

మళ్ళీ మొదటి ప్రశ్నకు లెక్క వేద్దాం. పదిరెట్లు కావాలంటే 1,900కి 19,000 వంధ్య మగదోమలు వదలాలి. కింది హద్దు నిజమైతే 8,600 చాలు, పై హద్దు నిజమైతే 30,000 కావాలి. వదిలినవాటిలోనూ రోజుకు ఐదింట ఒక వంతు రాలిపోతాయి కనుక, ఒకసారి వదిలి ఊరుకుంటే వారం తిరిగేసరికి నాలుగింట ఒక వంతు కూడా మిగలవు. అందుకే వారానికి రెండుమూడుసార్లు వదులుతూ ఉండాలి. డబ్బు పెట్టేవాళ్లకు 19,000 అనే ఒక్క అంకె చెప్పి ఊరుకోవడం తప్పు. 12 దోమల మీద నిలబడ్డ లెక్క ఇది అని చెప్పి, పెంపకశాలను 30,000కు సరిపడా కట్టాలి. లేదా ఇంకో వారం బోనులు పెట్టి, ఇంకా ఎక్కువ ఎర్ర దోమల్ని పట్టాలి. రెండోదే చవక.